ముసుగులోని మనిషిని సత్తయ్య ఎందుకు గుర్తుపట్టలేదు?

నల్లగొండ

తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేసే యాదగిరి, రాత్రిపూట కళ్ళ చుట్టూ మాత్రమే నల్లటి ముసుగు కట్టుకుని ఆపదలో ఉన్నవారిని కాపాడతాడు. చిన్ననాటి నుండి ఒకే బస్సులో తిరిగిన సత్తయ్య అతనితో చాలాసేపు మాట్లాడి కూడా గుర్తుపట్టడు. నా నమ్మకం సడలింది అక్కడే.

1999లో బ్రిటన్ పరిశోధకులు నిఘా కెమెరాలోని మసక దృశ్యాలను చూపినప్పుడు, విద్యార్థులు తమకు పాఠం చెప్పిన అధ్యాపకులను తేలికగా పోల్చుకున్నారు. నడకను, శరీరాన్ని కప్పినప్పుడు ఆ గుర్తింపు పెద్దగా దెబ్బతినలేదు కానీ, ముఖాన్ని కప్పినప్పుడు బాగా తగ్గిపోయింది. అందువల్ల నడక మార్చుకోవడం కన్నా ముఖం పూర్తిగా కప్పుకోవడమే యాదగిరికి ముఖ్యం. కళ్ళు మాత్రమే కప్పితే పెదవులు, గడ్డం బయటే ఉంటాయి.

1938లో వచ్చిన సూపర్‌మ్యాన్‌కు మామూలు మనిషిగా తిరిగేటప్పుడు కళ్ళద్దాలు సరిపోతాయి కదా అని నీవు అడగవచ్చు. అతడు ముసుగు వేసుకోడు కనుక, అతనికి మరో జీవితం ఉందన్న ఆలోచన జనానికి సులభంగా రాదు, ఆలోచన లేని చోట వెతుకులాట ఉండదు. ముసుగు మాత్రం లోపల ఎవరో దాక్కున్నారని చాటి చెబుతుంది. ముఖమంతా కప్పుకున్న స్పైడర్‌మ్యాన్ విషయంలో కూడా, తనకు రహస్యం ముందే తెలుసని అతని స్నేహితురాలు మేరీ జేన్ 1984లో వచ్చిన కథలో చెబుతుంది.

మన విరాటపర్వం కూడా చూడు. బృహన్నల వేషంలోని అర్జునుడిని విరాటుని కొలువువారు గుర్తించలేదు. విద్య నేర్పిన ద్రోణుడు మాత్రం శంఖధ్వని విని, వచ్చేది సవ్యసాచేనని గ్రహించాడు. చెవికి తెలిసిన మనిషిని కన్ను చూడకపోయినా చెవి వదలదు. నీ కథలో అసలు ప్రమాదం గొంతుదే.

కాబట్టి సత్తయ్య ఎదుట యాదగిరిని మాట్లాడించకు, లేదా చీకట్లో, దూరం నుండి ఒకటి రెండు మాటలకే పరిమితం చెయ్యి. తర్వాత పేర్లు తీసేసి ఆ సంభాషణను మాత్రమే చదివి చూడు; మాటతీరును బట్టి పాఠకుడు యాదగిరిని పోల్చుకుంటే, సత్తయ్య కూడా పోల్చుకోవాలి. దీనికి తోడు, యాదగిరి రాత్రుళ్ళు ఎందుకు కనిపించడో సత్తయ్య మనసులో ముందే ఒక జవాబు ఉండాలి: మిల్లులో రాత్రి డ్యూటీ అన్నది చాలు, అయితే మిల్లు మూసిన రోజున ఆ జవాబు కూలిపోవాలి.

అలా కూలిన మరునాడు, బస్సులో యాదగిరి మోచేతి మీది గాయాన్ని సత్తయ్య చూస్తాడు, ఏమీ అడగకుండా, తన కిటికీ సీటు అతనికి ఇస్తాడు. నీ కథకు ముగింపు అక్కడే ఉందని నాకు అనిపించింది.

ఇట్లు,
నీ అన్న