చరిత్ర చాప్టర్‌ను తేదీల పట్టికగా కుదించడం: ఒక్కో లైన్‌లో ఏం రాయాలి, ఏం వదలాలి?

ప్రశ్న: గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. ఆంధ్ర రాష్ట్ర అవతరణ చాప్టర్ నలభై పేజీల పైనే ఉంది. టైమ్‌లైన్ రాద్దామని కూర్చుంటే అదే పది పేజీలు అవుతోంది. ఒక సంఘటనకు ఒకే చిన్న లైన్ అంటే ఎలా రాస్తారు? రాసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:

ఈ చాప్టర్‌నే నేను విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని కుదించాను. తర్వాత మా అక్క కూతురు ప్రిపరేషన్ మొదలుపెట్టినప్పుడు తనతో కలిసి ఇంకోసారి రాశాను. నోట్‌బుక్ తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండు పేజీల్లో మొత్తం సరిపోయింది. గాజువాక నుంచి కాంప్లెక్స్‌కి వెళ్లే బస్సులో తను ఆ రెండు పేజీలే చూసుకునేది.

పుస్తకం నడిచిన వరసలోనే మీరూ రాసుకుంటూ పోతే పది పేజీలు తప్పవు. ఈ చాప్టర్ కాలం ప్రకారం సాగదు. ఒక భాగంలో ఆంధ్ర మహాసభలు, ఇంకో భాగంలో రాయలసీమ వారి అనుమానాలు, మరోచోట కమిషన్లు, చివర్లో దీక్షలు ఉంటాయి. ప్రతి భాగమూ మళ్లీ వెనక్కి వెళ్లి మొదలవుతుంది. అందుకని మొదటిసారి చదివేటప్పుడు లైన్లేవీ రాయకండి. పెన్సిల్‌తో మార్జిన్‌లో తేదీ మాత్రం వేసుకోండి. అంకెల్లో ఉన్న తేదీలు ఎలాగూ కంటికి కనబడతాయి. "ఆ మరుసటి ఏడాది", "అదే నెలలో", "రెండు నెలలకే" అన్నవి జారిపోతాయి. వాటిని అక్కడికక్కడే లెక్కకట్టి మార్జిన్‌లో సంవత్సరంగా రాసేయాలి. భాషా రాష్ట్రాల మీద వేసిన ధార్ కమిషన్ నివేదిక 1948 డిసెంబరులో వచ్చిందని చెప్పి, "అదే నెలలో జైపూర్ కాంగ్రెస్ జె.వి.పి. కమిటీని వేసింది" అని పుస్తకం అంటుంది. ఆ "అదే నెల"ను 1948 డిసెంబరుగా మార్చుకోకపోతే ఏది ముందో ఏది వెనకో తర్వాత తేలదు.

ఇక ఏది లైన్‌కు పనికొస్తుంది? నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఆ తేదీకి ముందు లేనిదేదో ఆ తేదీ తర్వాత ఉండాలి. ఒక సంస్థ పుట్టడం, ఒక ఒప్పందం కుదరడం, ఒక నివేదిక రావడం, ఒక మనిషి దీక్షకు కూర్చోవడం, ఒక ప్రభుత్వం పడిపోవడం లాంటివి. "తెలుగువారిలో అసంతృప్తి పెరిగింది" అన్నది ఈ పరీక్షకు నిలవదు. "ఉద్యమం ఊపందుకుంది" కూడా అంతే. చాప్టర్‌లో ఇలాంటి వాక్యాలే ఎక్కువ. అవి చదవడానికి అవసరమే కానీ పట్టికలో వాటికి చోటు లేదు. ఈ జల్లెడ పట్టాక మాకు ముప్ఫై లోపే మిగిలాయి.

లైన్ ఎప్పుడూ ఒకే పద్ధతిలో ఉండాలి. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఎవరు, చివర ఏం చేశారు. పుస్తకం ఎంతవరకు ఇస్తే అంతవరకే రాయండి. సంవత్సరం ఒక్కటే ఇస్తే సంవత్సరమే, నెల ఇస్తే నెల. చేసిన పని తెలిపే మాట లైన్‌లో ఉండి తీరాలి. "శ్రీబాగ్ ఒడంబడిక – ముఖ్యమైనది" అని రాస్తే పరీక్ష ముందు రోజు అది మీకు ఏమీ చెప్పదు.

దీక్ష భాగాన్ని చేసి చూపిస్తాను. చాలా పుస్తకాల్లో ఇది ఒకే పెద్ద పేరాగా ఉంటుంది. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చోవడం, ఆయన ఆరోగ్యం, నాయకుల మంతనాలు, ఢిల్లీ వైఖరి, మరణం, ఆందోళనలు, నెహ్రూ ప్రకటన, అన్నీ అందులోనే. చాలామంది దీన్ని "1952 – పొట్టి శ్రీరాములు దీక్ష, ఆత్మార్పణ, రాష్ట్ర ప్రకటన" అని ఒకే లైన్‌గా కుదించేస్తారు. చూడ్డానికి పొట్టిగానే ఉంటుంది కానీ మూడు సంఘటనలను ఒక మూట కట్టినట్టే. విడదీస్తే ఇలా వస్తుంది:

1952 అక్టోబరు 19 – మద్రాసులో పొట్టి శ్రీరాములు దీక్ష మొదలు
1952 డిసెంబరు 15 – దీక్ష 58వ రోజున శ్రీరాములు మరణం
1952 డిసెంబరు 19 – మద్రాసు నగరం లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటన

రెండో లైన్‌లో 58 అని ఎందుకు ఉంచానంటే, అది పై రెండు తేదీలనూ సరిచూస్తుంది. అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15 కలిపితే 58. ఎక్కడైనా ఒక తేదీ తప్పుగా ఎక్కించుకుంటే ఈ లెక్క కుదరదు. మూడో లైన్‌లో "మద్రాసు నగరం లేకుండా" అన్న మాటలను మా అక్క కూతురు తీసేద్దామంది. వద్దన్నాను. అన్నేళ్ల గొడవ సగం ఆ నగరం గురించే. ఒక మాట తీసేస్తే సంఘటన స్వరూపమే మారిపోతుందనుకుంటే ఆ మాటను ఉంచాలి. సాంబమూర్తి గారి ఇల్లు మాత్రం పట్టికలోకి రాలేదు. బిట్‌గా అడిగే అవకాశం ఉంది కాబట్టి ఎదురుగా మార్జిన్‌లో చిన్నగా రాసుకున్నాం.

అసలు చిక్కు కమిషన్ల దగ్గర వస్తుంది. కమిషన్‌కు కనీసం రెండు తేదీలుంటాయి: వేసినది, నివేదిక ఇచ్చినది. రెండూ రాస్తే పట్టిక ఉబ్బుతుంది, ఒకటే రాస్తే గందరగోళం. నేను ఇలా చేశాను. రెండు తేదీల మధ్యలో ఇంకో ముఖ్యమైన సంఘటన జరిగితే రెండు లైన్లు, లేకపోతే నివేదిక తేదీ ఒక్కటే. ధార్ కమిషన్‌ను 1948 జూన్‌లో వేశారు, డిసెంబరులో నివేదిక వచ్చింది. ఆంధ్ర ఉద్యమానికి సంబంధించినంత వరకు ఆ మధ్యలో పెద్దగా ఏమీ లేదు కాబట్టి "1948 డిసెంబరు – భాషా రాష్ట్రాలు వద్దన్న ధార్ కమిషన్" అన్న ఒక్క లైన్ చాలు. ఫజల్ అలీ అధ్యక్షతన వేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం విషయం వేరు. దాన్ని వేసింది 1953 డిసెంబరు, నివేదిక 1955 సెప్టెంబరు. ఈ మధ్యలో ప్రకాశం గారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది, 1955లో ఎన్నికలై బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. అందుకని దానికి రెండు లైన్లు. ఆ మొదటి లైన్ ఇంకో మేలు కూడా చేస్తుంది. ఫజల్ అలీ సంఘం చెప్పినందువల్లే ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని చాలామంది అనుకుంటారు. "1953 అక్టోబరు 1 – కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం" అన్న లైన్ కింద "1953 డిసెంబరు – ఫజల్ అలీ సంఘం నియామకం" కనబడితే ఆ పొరపాటు అసలు పుట్టదు.

ఒక్కో లైన్‌గా విడగొడితే కారణాలు పోతాయి కదా అంటారు. నిజమే, పోతాయి. దానికి నేను చేసిన ఉపాయం, లైన్ చివర బాణం గుర్తు వేసి వెనకటి సంవత్సరం రాయడం. ఇది మన ఊరికి సంబంధించిన కథలోనే బాగా తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరింది. అనంతపురానికి రాలేదన్న బాధ సీమ నాయకుల్లో ఉండిపోయింది. రాష్ట్రం వస్తే కోస్తా వాళ్లదే పెత్తనం అవుతుందేమోనన్న అనుమానం బలపడింది. ఆ అనుమానం తీర్చడానికే 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమవాళ్లు కోరుకోవచ్చన్నది అందులోని ముఖ్యమైన మాట. పదహారేళ్ల తర్వాత రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లడానికి కారణం అదే. పుస్తకంలో ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి. పట్టికలో ఇలా:

1926 – బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రారంభం
1937 నవంబరు 16 – రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమ కోరుకునేలా శ్రీబాగ్ ఒడంబడిక ← 1926
1953 అక్టోబరు 1 – కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, ప్రకాశం ముఖ్యమంత్రి ← 1937, 1952

ఏయూలో చదువుకున్నవాళ్లకు కూడా ఆ మొదటి లైన్‌కూ కర్నూలుకూ ఉన్న సంబంధం వెంటనే తట్టదు. బాణాలు మరీ ఎక్కువైతే మళ్లీ చిక్కుముడి అవుతుంది. మా పట్టిక మొత్తంలో నాలుగైదుకు మించలేదు.

1956 వైపు వచ్చేసరికి ఒకే వరస సరిపోదు, ఎందుకంటే హైదరాబాదు రాష్ట్రం కథ వేరుగా నడుస్తోంది. అక్కడ పేజీని నిలువుగా రెండు చేసి ఎడమ వైపు ఆంధ్ర, కుడి వైపు హైదరాబాదు రాసుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1952లో బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం కుడి వైపుకు వస్తాయి. ఫజల్ అలీ నివేదిక దగ్గర కుడి వైపు లైన్‌లో "హైదరాబాదు ప్రస్తుతానికి వేరుగానే ఉండాలని సూచన" అన్నది తప్పకుండా ఉండాలి. 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందాన్ని, నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ అవతరణను మధ్య గీత చెరిపేసి పేజీ వెడల్పునా రాయండి.

పూర్తయ్యాక రెండు పనులు చేయండి. మొదటిది, పెద్ద ఖాళీలు చూడండి. మా పట్టికలో 1918లో కాంగ్రెస్ ప్రత్యేక ఆంధ్ర శాఖ ఏర్పాటు తర్వాత తిన్నగా 1937కి దూకేసింది. అది చూశాకే 1926 లైన్ చేరింది. 1937 నుంచి 1948 దాకా ఉన్న ఖాళీ మాత్రం అలాగే ఉంచాం, అది యుద్ధమూ క్విట్ ఇండియా నడిచిన కాలం. రెండోది, తేదీల మీద స్కేలు పెట్టి మూసి, లైన్ చదివి తేదీ చెప్పడం. ఆ తర్వాత లైన్లు మూసి తేదీ చూసి సంఘటన చెప్పడం. ఏ లైన్ రెండు వైపులా తడబడుతోందో దాన్ని తిరగరాయండి. ఎక్కువసార్లు తప్పు అందులోని మాటలదే, మీ జ్ఞాపకశక్తిది కాదు.

ఇంకో పుస్తకంలో తేదీ వేరేగా కనిపిస్తే వెంటనే కొట్టేయకండి. ఫజల్ అలీ సంఘానికి ఒకచోట 1953 డిసెంబరు 22 అని, మరోచోట 29 అని చూస్తారు. 22న నెహ్రూ పార్లమెంటులో ప్రకటించారు, 29న ప్రభుత్వ తీర్మానం వెలువడింది. రెండూ సరైనవే, పనులే వేరు. ఇలాంటిచోట లైన్‌లో "నియామకం" అన్న మాటకు బదులు "ప్రకటన" అనో "తీర్మానం" అనో తేల్చి రాస్తే ఆప్షన్లలో రెండు తేదీలూ కనిపించినా టెన్షన్ ఉండదు.