బోర్డు ముందు సైబర్ ముప్పు: పది నిమిషాల నమూనా ప్రసంగం

ప్రశ్న: ఇటీవలే సెక్యూరిటీ మేనేజర్‌గా బాధ్యతలు తీసుకున్నాను. వచ్చే బోర్డు సమావేశంలో సైబర్ ముప్పు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. డైరెక్టర్లలో ఎవరికీ సాంకేతిక నేపథ్యం లేదు. ఏం చెప్పాలి? ఎవరైనా నమూనా ప్రసంగం ఇవ్వగలరా?

జవాబు:

ఒక్క ముప్పు ఎంచుకోండి, ఒక్క నిర్ణయం అడగండి. మొదటిసారి వెళ్ళేవారికి నేను సూచించేది రాన్సమ్‌వేర్ వల్ల వ్యాపారం ఆగిపోవడం. దాని నష్టాన్ని రోజుల్లో కొలవవచ్చు, ఒక రోజు వ్యాపారం ఆగితే ఏమవుతుందో డైరెక్టర్లకు మనకంటే బాగా తెలుసు. ‘గత త్రైమాసికంలో ఇన్ని లక్షల దాడులను అడ్డుకున్నాం’ అనే స్లైడును మాత్రం తీసేయండి. ఆ అంకె పెరిగితే సంతోషించాలో కంగారుపడాలో చెప్పినవారికే తెలియదు. ముప్పులను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళలో చూపే పట్టిక మీద కూడా నాకు నమ్మకం లేదు. ఎరుపు గడిలో ఉన్నదాన్ని పసుపులోకి తేవడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ఆ పట్టిక చెప్పదు.

ప్రసంగం రాయడానికి ముందు రెండు అంకెలు సంపాదించాలి. ఆర్డర్లు తీసుకోలేక, సరుకు పంపలేక సంస్థ ఎన్ని రోజులు తట్టుకోగలదన్నది మొదటిది. దీన్ని మీరు ఊహించకూడదు. ఆర్థిక విభాగం అధిపతి, అమ్మకాల అధిపతి కలిసి చెప్పాలి, బోర్డులోనూ అది వారి అంకెగానే వినిపించాలి. నేను పనిచేసిన ఒక సరుకు పంపిణీ సంస్థలో వారు చెప్పింది మూడు రోజులు. అప్పటివరకు కొనుగోలుదారులు ఆగుతారు, వాయిదా పడిన ఆర్డర్లు తర్వాత వస్తాయి. నాలుగో రోజు నుంచి వారు ఒప్పందం ప్రకారం వేరే చోట కొనుక్కోవచ్చు. అంటే అక్కడి నుంచి ప్రతి రోజూ నిజంగా పోయిన రోజే.

రెండో అంకె, కంప్యూటర్ వ్యవస్థలన్నీ పోతే మళ్ళీ నిలబెట్టడానికి ఎన్ని రోజులు పడుతుందన్నది. బ్యాకప్ బృందాన్ని అడిగితే చాలా చోట్ల ‘ఒక రోజు’ అంటారు, ఎందుకంటే వారు ఎప్పుడూ తిరిగి తెచ్చింది పొరపాటున చెరిపేసిన ఒకటి రెండు ఫైళ్ళనే. మొత్తం పోయినప్పటి లెక్క వేరు. మా దగ్గర బ్యాకప్‌లో ఉన్నది 40 టెరాబైట్లు. దాన్ని తిరిగి తెచ్చే లైను వేగం సెకనుకు ఒక గిగాబిట్. కాగితం మీద 89 గంటలు చాలు. పరీక్షించి చూస్తే ఆ వేగంలో అరవై శాతమే అందింది, కాబట్టి దాదాపు ఆరు రోజులు. దానికి ముందు, చొరబడినవారు ఇంకా లోపలే ఉన్నారేమో తేల్చుకోవడానికి రెండు రోజులు, ఉద్యోగుల లాగిన్లను నడిపే సర్వర్లను తిరిగి కట్టడానికి ఒక రోజు. మొత్తం తొమ్మిది.

లాగిన్ సర్వర్లను చాలామంది ఈ లెక్కలో మరిచిపోతారు. అవి లేకపోతే మిగతా ఏ వ్యవస్థలోకీ ఎవరూ వెళ్ళలేరు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే సైబర్ దాడికి గురైన మెర్స్క్ నౌకా సంస్థకు ఎదురైంది ఇదే. ఆ సర్వర్లు ప్రపంచమంతటా ఒకేసారి పోయాయి. ఘానాలో ఒక్కటి మిగిలింది, అదీ ఆ సమయంలో అక్కడ కరెంటు లేక నెట్‌వర్క్‌కు దూరంగా ఉండటం వల్ల. మీ సంస్థలో ఆ సర్వర్ల బ్యాకప్ కాపీ ఒకటి నెట్‌వర్క్‌కు అందకుండా ఎక్కడైనా ఉందో లేదో సమావేశానికి ముందే తెలుసుకోండి.

ఇక ప్రసంగం. ఇది నేను ఇచ్చిన దానికి కొంచెం సాపు చేసిన రూపం. అంకెలు మీవి వేసుకోండి.

“చైర్మన్ గారికి, డైరెక్టర్లకు నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క ముప్పు గురించి మాట్లాడి, చివర్లో ఒక నిర్ణయం కోరతాను.

“ఎవరో మన నెట్‌వర్క్‌లోకి చొరబడి, మన సర్వర్లన్నిటికీ తాళం వేసేసి డబ్బు అడిగారనుకుందాం. ఆర్డర్లు కనిపించవు. ఏ సరుకు గోదాములో ఎక్కడుందో తెలియదు. బిల్లు ఇవ్వలేము. ఇలాంటి స్థితిని మన సంస్థ మూడు రోజులు తట్టుకోగలదని ఆర్థిక, అమ్మకాల విభాగాల అధిపతులు లెక్కవేశారు. మనం చేసిన పరీక్ష ప్రకారం తిరిగి నిలబడటానికి తొమ్మిది రోజులు పడుతుంది. మధ్యలో ఉన్న ఆరు రోజులే ఈ రోజు నా విషయం.

“ఇది జరిగే పనేనా అని మీరు అడగవచ్చు. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన సరఫరా సంస్థకు జరిగింది. వాడుకలో లేని పాత రిమోట్ ఖాతా ఒకటి తెరిచే ఉంది. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో ధ్రువీకరణ లేదు. దాడి తగిలింది కార్యాలయ కంప్యూటర్లకు, కానీ పైప్‌లైన్‌ను సంస్థే ముందు జాగ్రత్తగా ఆపేసింది. దాదాపు 44 లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లించింది. బదులుగా వచ్చిన తాళం తీసే ప్రోగ్రాం ఎంత నెమ్మదిగా నడిచిందంటే, సొంత బ్యాకప్‌ల మీద కూడా ఆధారపడాల్సి వచ్చిందని వార్తలొచ్చాయి. డబ్బు కట్టినా రోజులు తగ్గుతాయన్న హామీ లేదు.

“మన తొమ్మిది రోజులను తగ్గించడానికి మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఎవరి పాస్‌వర్డ్ దొంగిలించినా నిర్ణీత గడువు వరకు చెరపడానికి వీలులేని బ్యాకప్ ప్రతి. రెండు, పాతవాటిపై పరిశోధన సాగుతుండగానే పని మొదలుపెట్టడానికి విడిగా ఉంచిన శుభ్రమైన సర్వర్లు. మూడు, లాగిన్, ఆర్డర్లు, గోదాము, బిల్లింగ్ అనే నాలుగు వ్యవస్థలను ముందుగా తెచ్చుకునే క్రమం, దానిపై ఏడాదికి రెండుసార్లు డ్రిల్లు. ఈ నాలుగింటి సమాచారం 5 టెరాబైట్లే. ఇప్పుడున్న లైను మీదనే ఒక రోజులోపు వస్తుంది. ఈ మూడూ ఉంటే మూడు రోజుల్లోపు మళ్ళీ సరుకు పంపగలం.

“దీని ఖర్చు మూడేళ్ళకు కలిపి మన ఒకటిన్నర రోజుల స్థూల లాభానికి సమానం. కాపాడేది ఆరు రోజులు. ఒకటిన్నరను ఆరుతో భాగిస్తే నాలుగో వంతు. అంటే వచ్చే మూడేళ్ళలో ఇలాంటి దాడి జరిగే అవకాశం నాలుగింట ఒకటి కన్నా ఎక్కువని మీరు భావిస్తే ఈ ఖర్చు గిట్టుబాటు. తక్కువని భావిస్తే, పోయిన రోజుల లాభం మటుకే చూస్తే, గిట్టుబాటు కాదు. శాశ్వతంగా వెళ్ళిపోయే కొనుగోలుదారులను ఈ లెక్కలో చేర్చలేదు. చేరిస్తే నాలుగింట ఒకటి అనే ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. నా అభిప్రాయంలో మనం ఆ గీతకు పైనే ఉన్నాం, ఎందుకంటే రెండో ధ్రువీకరణ లేని రిమోట్ ఖాతాలు మన దగ్గర ఇంకా ఉన్నాయి. వాటిని మూసే పని మొదలైంది, దానికి అదనపు డబ్బు అక్కర్లేదు.

“ఈ ప్రతిపాదన ఏం చేయదో కూడా చెప్పాలి. సమాచారాన్ని దొంగిలించి బయటపెడతామని బెదిరిస్తే బ్యాకప్ పనికిరాదు. అది వేరే ముప్పు, దాన్ని వచ్చే సమావేశానికి తెస్తాను. మిగతా వ్యవస్థలు రావడానికి తొమ్మిది రోజులు పడుతూనే ఉంటుంది. ఈ ఖర్చుకు ఆమోదం కోరుతున్నాను. వద్దనుకుంటే, ఆరు రోజుల నష్టాన్ని తెలిసే భరిస్తున్నామని సమావేశపు మినిట్స్‌లో నమోదు చేయమని విన్నవిస్తున్నాను.”

నెమ్మదిగా చదివినా ఇది పది నిమిషాలు నిండదు. మిగిలిన సమయం ప్రశ్నలకు, అసలు సమావేశం అక్కడే జరుగుతుంది.

నాలుగో వంతు లెక్క గురించి కొంచెం. సెక్యూరిటీవారు సాధారణంగా ‘ఏడాదికి ఇంత శాతం అవకాశం’ అని ఒక అంకె తయారుచేసుకుని వెళతారు. ఒక డైరెక్టరు ‘అది ఎక్కడి నుంచి వచ్చింది?’ అనగానే ప్రసంగం అంతా ఆ అంకెను సమర్థించుకోవడంతోనే ముగుస్తుంది. దాన్ని తిరగేసి, ఎంత అవకాశం ఉంటే ఖర్చు గిట్టుతుందో చూపిస్తే వాదన వారి చేతుల్లోకి వెళుతుంది. మా బోర్డులో ఇద్దరు డైరెక్టర్లు నన్ను పక్కనపెట్టి, అవకాశం ఎంత ఉంటుందో తమలో తాము వాదించుకున్నారు. కానీ ఒక షరతు ఉంది. మీ సొంత అభిప్రాయం కూడా చెప్పాలి, దానికి మీ సంస్థలోనే కనిపించే కారణం ఒకటి చూపాలి. గీత గీసి తప్పుకుంటే నిపుణుడిగా మిమ్మల్ని పిలిచింది ఎందుకని అడుగుతారు, న్యాయమే.

తప్పకుండా వచ్చే ప్రశ్నలు రెండు. ‘బీమా ఉంది కదా?’ అన్నది మొదటిది. పాలసీ తెరిచి చదవండి. వ్యాపారం ఆగిన నష్టానికి మొదటి కొన్ని గంటలు లెక్కలోకి రావని ఒక నిరీక్షణ గడువు సాధారణంగా ఉంటుంది, పరిహారానికి పైపరిమితి ఉంటుంది. దరఖాస్తులో ‘రిమోట్ ఖాతాలన్నిటికీ రెండో ధ్రువీకరణ ఉంది’ అని ఎవరైనా సంతకం చేసి ఉంటే, అది నిజం కాకపోతే, పరిహారమే చిక్కులో పడవచ్చు. ఆ దరఖాస్తు ప్రతిని సమావేశానికి ముందే తెప్పించుకోండి. పైగా బీమా డబ్బు ఇస్తుంది, నాలుగో రోజున వెళ్ళిపోయిన కొనుగోలుదారును తిరిగి తేదు.

రెండోది, ‘ఇంతకీ మనం సురక్షితమేనా?’ అవునన్నా కాదన్నా ఇబ్బందే. నేను చెప్పేది ఇది: “ఈ రోజు ఈ దాడి జరిగితే తొమ్మిది రోజులు ఆగిపోతాం. ప్రతిపాదన అమలయ్యాక మూడు రోజుల్లోపు నిలబడతాం. ప్రతి డ్రిల్లు తర్వాత నిజంగా ఎంత పట్టిందో మీకు తెలియజేస్తాను.” ఆ చివరి మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. మా మొదటి డ్రిల్లులో నాలుగు రోజుల పైన పట్టింది. గోదాము వ్యవస్థకు కావలసిన లైసెన్సు ఫైలు బ్యాకప్‌లో లేదని అప్పుడే తెలిసింది. ఆ అంకెను ఉన్నదున్నట్టే బోర్డుకు పంపాను.

స్లైడ్లు ఎన్ని అని అడిగేవారుంటారు కాబట్టి: ఒకటి. దాని మీద మూడు, తొమ్మిది అనే రెండు అంకెలు, కింద మీరు కోరే నిర్ణయం ఒక వాక్యంలో. సమావేశానికి ముందు ఆర్థిక విభాగం అధిపతికి దాన్ని చూపించండి. ‘మూడు రోజులు అని నేను అనలేదే’ అని ఆయన అభ్యంతరం చెప్పాల్సి వస్తే, అది మీ ఇద్దరి మధ్యే, ఆ గదిలోకి వెళ్ళకముందే జరగాలి.