భార్యాభర్తల వ్యాపారం: నష్టం ఎక్కడ జరిగిందో సరుకే చెప్పాలి

ప్రశ్న: మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. నేనూ నా భార్యా కలిసి ఏదైనా చిన్న వ్యాపారం పెట్టాలనుకుంటున్నాం. చేతిలో నాలుగు లక్షల దాకా ఉన్నాయి. కర్రీ పాయింటా, చీరల దుకాణమా అని ఆలోచిస్తున్నాం. కలిసి పనిచేస్తే ఇంట్లో గొడవలు పెరుగుతాయని అందరూ భయపెడుతున్నారు. మా ఇద్దరికీ పడేలా ఎలాంటి వ్యాపారం ఎంచుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

జవాబు:

నేనూ మా వారూ మర్రిపాలెం దగ్గర ఇడ్లీ పిండి తయారుచేసి దుకాణాలకు వేస్తాం. మిమ్మల్నీ ఇదే పెట్టమని చెప్పడం లేదు. ఇందులో మాకు గొడవలు ఎందుకు తక్కువో చెబితే, మీ మనసులో ఉన్న వ్యాపారాలను మీరే తూచి చూసుకోవచ్చు.

ఇద్దరి స్వభావాలు కలుస్తాయా లేదా అని అందరూ చూస్తారు. నన్నడిగితే ముందు చూడవలసింది నష్టాన్ని. ఆ వ్యాపారంలో నష్టం ఏ రూపంలో కనిపిస్తుంది? కనిపించినప్పుడు అది ఎక్కడ పుట్టిందో సరుకును చూసి చెప్పగలమా? చెప్పగలిగితే మాట సరుకు మీదే ఆగుతుంది. లేకపోతే అది మనిషి మీదికి పోతుంది. భార్యాభర్తల మధ్య మనిషి మీదికి పోయిన మాట దుకాణం కట్టేశాక కూడా ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది.

మా పని ఎలా నడుస్తుందో చెబుతాను. మన వైపు ఇడ్లీకి మినపగుళ్లు, ఇడ్లీ రవ్వ వాడతాం కాబట్టి రుబ్బవలసింది పప్పు ఒక్కటే. కిలో పప్పుకు రెండు కిలోల రవ్వ. నీళ్లతో కలిపి సుమారు ఆరు కిలోల పిండి అవుతుంది. మామూలు రోజున 120 కిలో ప్యాకెట్లు వేస్తాం. అంటే 20 కిలోల పప్పు, 40 కిలోల రవ్వ. మా పది లీటర్ల గ్రైండర్లో ఒక వాయికి మూడు కిలోల పప్పుకు మించి వేయరు కాబట్టి ఏడు వాయిలు, సుమారు మూడున్నర గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు పప్పు నానబెట్టి, సాయంత్రం రుబ్బి, రవ్వ కలిపి, రాత్రికి ప్యాకింగ్ చేసి ఫ్రిజ్‌లో పెట్టేది మా వారు. ఉదయం ఆరింటికి స్కూటర్ మీద మంచుపెట్టెలతో బయలుదేరి, కంచరపాలెం నుంచి ఎన్‌ఏడీ కూడలి దాటి మీ గోపాలపట్నం దాకా దుకాణాలకు వేసి, పాత ప్యాకెట్లు, డబ్బులు తెచ్చేది నేను. ఆయన ఒక పరిశ్రమలో ఫిట్టరుగా చేశారు. యంత్రం చప్పుడు వింటేనే రాయి అరిగిందో బెల్టు వదులైందో పట్టేస్తారు. దుకాణదారులతో బేరమాడమంటే మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆడవాళ్లు వంటింట్లో, మగవాళ్లు బజారులో అన్న ఏర్పాటును మేము తిరగేశాం. మొదట్లో మా అత్తగారికి అది వింతగా ఉండేది.

ఈ రెండు పనులూ వేరు వేరు చోట్ల, వేరు వేరు వేళల్లో జరుగుతాయి. ఆయన నా పక్కన నిలబడి దుకాణదారుతో నా మాట తీరు వినరు. నేను ఆయన పక్కన నిలబడి నీళ్లు ఎక్కువయ్యాయని అనను. ఇద్దరినీ కలిపేది ఒకే ఒక్క అంకె: రేపటికి ఎన్ని ప్యాకెట్లు. అది మధ్యాహ్నం ఒంటిగంటలోపు నేను పలక మీద రాయాలి, ఎందుకంటే పప్పు నానాక దాన్ని వెనక్కి తీసుకోలేం. ఆ అంకె నాది. ఎందుకన్ని అని ఆయన అడగరు. పిండి నాణ్యత ఆయనది. శుక్రవారం మాత్రం అంకె బాగా పెరుగుతుంది. శనివారం రాత్రి అన్నం మానేసి టిఫిన్ తినే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో మీకు తెలుసు కదా. కార్తీక సోమవారాలకు ముందురోజూ అంతే.

ఇక నష్టం సంగతి. పప్పు కిలో 130, రవ్వ 45 ఉన్నప్పుడు కిలో పిండికి సరుకు ఖర్చే 37 రూపాయల దాకా అవుతుంది. కవరు, కరెంటు, మంచు, పెట్రోలు కలిపి ఇంకో పది. దుకాణానికి 60కి వేస్తాం. మిగిలేది 13. అమ్ముడుపోని ప్యాకెట్టు వెనక్కి వస్తే పోయేది 47. అంటే ఒక్క ప్యాకెట్టు తిరిగి వస్తే దాదాపు నాలుగు ప్యాకెట్ల లాభం పోయినట్టే. కాబట్టి మా ఇంట్లో గొడవ పుడితే అక్కడే పుట్టాలి. ‘నువ్వు ఎక్కువ వేశావు’ అని ఆయన, ‘మీ పిండి పులిసింది’ అని నేను.

ఒక మే నెలలో అలాంటి రోజు వచ్చింది. 120 వేస్తే 22 తిరిగి వచ్చాయి. లెక్క వేస్తే అమ్మిన 98 మీద 1,274 రూపాయలు, పోయింది 1,034. ఇద్దరి కష్టానికీ ఆ రోజు మిగిలింది 240 రూపాయలు. ఇద్దరికీ ఒళ్లు మండింది. అయితే ఏ ప్యాకెట్టు ఏ దుకాణం నుంచి వచ్చిందో నేను మార్కరుతో రాస్తాను, ఏ వాయిదో ఆయన ముందే రాస్తారు. అన్నింటినీ నేల మీద పరిచి చూశాం.

వెతకవలసినవి నాలుగే. దారి పొడవునా అన్ని దుకాణాల్లోనూ కవర్లు ఉబ్బి, పుల్లటి వాసన వస్తుంటే తప్పు తయారీలో ఉంది: రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు పోయక పిండి వేడెక్కిందో, ప్యాకెట్లు ఫ్రిజ్‌లోకి ఆలస్యంగా వెళ్లాయో. దారి చివరి దుకాణాల్లోవే ఉబ్బితే తప్పు ప్రయాణంలో. ఒక్క దుకాణంలోవే ఉబ్బితే ఆ దుకాణదారు రాత్రి ఫ్రిజ్ ఆపేస్తున్నాడని అర్థం. పిండి బాగానే ఉండి తిరిగి వస్తే అంకె ఎక్కువైంది.

ఆ రోజు 22లో 16 ప్యాకెట్లు దారి చివరి మూడు దుకాణాలవే. అవి వేరు వేరు వాయిలవి, అయినా అన్నీ ఉబ్బి ఉన్నాయి. అవే వాయిల ప్యాకెట్లు కంచరపాలెంలో శుభ్రంగా అమ్ముడుపోయాయి. కాబట్టి పిండిది కాదు తప్పు. మన ఊరి ఎండకు, ఉక్కకు తొమ్మిదిన్నరకల్లా పెట్టెలో మంచు కరిగిపోతోంది. చివరి దుకాణాలకు చేరేది దాదాపు పదింటికి. మిగిలిన ఆరు మాత్రం చక్కగా ఉన్నాయి. అవి విద్యార్థులు గదులు అద్దెకు తీసుకుని ఉండే వీధిలోవి. సెలవులకు పిల్లలంతా ఊళ్లకు వెళ్లిపోయారు. అది నా అంకె. చివరి మూడు దుకాణాలకు విడిగా ఇంకో మంచుపెట్టె పెట్టుకున్నాను, ఆ వీధికి వేసవి అయ్యేదాకా సగమే వేశాను. పట్టుమని పావుగంట పట్టలేదు. ఆ పావుగంటలో ‘నువ్వు ఎప్పుడూ ఇంతే’ అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఒక హెచ్చరిక. తిరిగి వచ్చిన పిండిని కొత్త పిండిలో కలిపితే నష్టం తగ్గుతుందని అనిపిస్తుంది. కలిపితే కొత్తది కూడా త్వరగా పులుస్తుంది, తప్పు ఎక్కడుందో కనిపెట్టే దారి కూడా మూసుకుపోతుంది.

ఇప్పుడు మీరనుకున్నవి చూద్దాం. కర్రీ పాయింట్‌లో రాత్రి తొమ్మిదింటికి రెండు గిన్నెల కూర మిగిలిపోయిందనుకోండి. ఉప్పు ఎక్కువైందా, ఎక్కువ వండారా, వాన పడి జనం రాలేదా, లేక గల్లాలో కూర్చున్నవారు విసుక్కున్నారా? మిగిలిన కూర ఏమీ చెప్పదు. పైగా ఇద్దరూ ఒకే చోట, అదే వేడిలో, కొనేవాళ్ల ఎదుటే మాట్లాడుకోవాలి. మా బంధువుల్లో ఒక జంట టిఫిన్ సెంటర్ చక్కగా నడిపారు, డబ్బూ చూశారు. కానీ కొనేవాళ్ల ముందు ఒకరినొకరు అనుకున్న మాటల వల్లే దాన్ని అమ్మేశారు. కర్రీ పాయింటే పెట్టాలనుకుంటే వంట ఒకరు, అమ్మకం ఇంకొకరు అని గోడ కట్టుకోండి. ప్రతి కూరా ఎన్ని కిలోలు వండారో, ఎంత మిగిలిందో ఏ రోజుకారోజు రాయండి. నెల తిరిగేసరికి ఏ వారం ఏ కూర మిగులుతుందో ఆ పుస్తకమే చెబుతుంది.

చీరల దుకాణం నాకైతే ఇంకా భయం. అక్కడ నష్టమంటే అమ్ముడుపోకుండా అరలో ఉండిపోయిన చీర. దాన్ని ఎంచుకున్నది ఒకరు. ఆ చీర ఏడాది పాటు రోజూ కళ్ల ముందు ఉంటుంది, అది ఎంచుకున్నవారి అభిరుచి మీద తీర్పులా తోస్తుంది. పెట్టేటట్టయితే కొనుగోలు పూర్తిగా ఒకరికే వదిలేసి, నాలుగు నెలలు దాటిన ప్రతి చీరనూ తగ్గింపు ధరకు తీసేయాలన్న నియమం ముందే రాసుకోండి. అప్పుడు ఆ చీర గురించి మాట్లాడుకోవలసిన అవసరమే రాదు.

డబ్బు విషయంలో ఒక్కటి. వ్యాపారం ఒకరి పేరునే పెడితే రెండోవారు కాగితాల్లో ఎక్కడా ఉండరు. భర్త సొంత వ్యాపారం నుంచి భార్యకు జీతం ఇచ్చినా, ఆమెకు ఆ పనికి తగిన సాంకేతిక లేదా వృత్తి అర్హత ఉంటే తప్ప, ఆదాయపు పన్ను లెక్కలో అది భర్త ఆదాయంలోనే కలుస్తుంది. మేము భాగస్వామ్య సంస్థగా పెట్టి, ఇద్దరి జీతమూ డీడ్‌లోనే రాయించాం. నెల మొదట్లో ఎవరి జీతం వారి ఖాతాలో పడుతుంది. మా అమ్మకు నేను పంపేదీ, ఆయన తమ్ముడికి ఇచ్చేదీ అందులోంచే. గల్లాలోంచి తీసేది లేదు. బంధువుల దుకాణాలకు అరువు మాత్రం ఇద్దరూ సరేనంటేనే.

మా వ్యాపారం అందరికీ సరిపడదు. గ్రైండర్ తిరుగుతుండగా కరెంటు పోతే, ప్యాకెట్లు ఫ్రిజ్‌లో ఉండగా పోతే, రెండింటికీ ఏర్పాటు ఉండాలి. సెలవు అన్నది దాదాపు ఉండదు, పండగ ముందురోజే పని ఎక్కువ. మా వారు రాత్రి పదింటిదాకా పనిలో ఉంటారు, నేను ఐదింటికి లేవాలి. ఇద్దరూ తీరిగ్గా కూర్చునేది మధ్యాహ్న భోజనానికే. మొదటి ఆరు నెలలు మీలో ఒకరికి ఉద్యోగం ఉంటే వదలకండి. నాలుగు లక్షలూ యంత్రాల మీద పెట్టేయకుండా మూడు నెలల సరుకు ఖర్చు విడిగా ఉంచుకోండి.

పిండి వైపే మొగ్గితే ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆ నంబరు, ప్యాకింగ్ తేదీ, ఎన్నాళ్లలో వాడాలో ప్యాకెట్టు మీద ఉండాలి. ఆ తరువాత మీ ఆవిడను తీసుకుని మీ వీధి చుట్టూ ఉన్న దుకాణాలకు వెళ్లి రాత్రిపూట ఫ్రిజ్ ఆపుతారా అని అడగండి. చాలామంది ఆపమనే అంటారు. అందుకే ఉదయం దుకాణం తీసే వేళకు వెళ్లి, ఫ్రిజ్‌లోని పాల ప్యాకెట్టును చేత్తో తాకి చూడండి.