మైగ్రేన్‌కి ఐస్, మెడ బిగుసుకున్న తలనొప్పికి కాపడం

"తలనొప్పి వస్తే ఐస్ పెట్టాలా, వేడి కాపడం పెట్టాలా? ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు."

తలలో ఒక పక్క పోట్లు పొడుస్తూ, వెలుతురు చూడలేక, కడుపులో తిప్పుతుంటే ఐస్ పెట్టండి. మెడా భుజాలూ బిగుసుకుపోయి తల చుట్టూ గట్టిగా గుడ్డ బిగించినట్టుంటే కాపడం పెట్టండి, అదీ నుదుటి మీద కాదు, మెడ మీద. ఏది ఏదో తేలకపోతే నాలుగు మెట్లెక్కి చూడండి. మెట్లెక్కితే పోటు ఎక్కువైందంటే అది చాలావరకు మైగ్రేనే. కాలేజీ రోజుల నుంచి దాంతో కాపురం చేస్తున్నాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నా.

మా ఆడపడుచు కూతురి పెళ్లి, రాజమండ్రిలో, నడి మే నెల. పొద్దున్నుంచి తిండి లేదు, పైగా వీడియోవాళ్ల లైట్లు సరిగ్గా మొహం మీదికి. నన్నడిగితే పెళ్లిళ్లలో ఆ లైట్లు నిషేధించాలి. ముహూర్తానికి ముందే ఎడమ కన్ను వెనకాల మొదలైంది. విడిది గదిలో పడుకున్నానో లేదో, మా పెద్దత్తగారు పెనం మీద ఉప్పు వేయించి, మూట కట్టి తెచ్చి కణత మీద అద్దారు. ప్రేమతోనే, కాదనను. కాసేపటికే కణత దగ్గర నరం టపటపా కొట్టుకోవడం మొదలై, బాత్‌రూమ్‌కి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఇంకొకావిడ బామ్ డబ్బాతో సిద్ధం. మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఘాటు వాసనే పడదు, ఆ సంగతి మన బంధువులకు ఎవరు చెప్పాలి?

చివరికి ఆడపడుచు కొడుకు, ఫార్మసీ చదివే కుర్రాడు, అందరినీ బయటికి పంపేశాడు. వంటవాళ్ల థర్మోకోల్ పెట్టెలోంచి ఐస్ ముక్కలు క్యారీబ్యాగ్‌లో పోసి తెచ్చి, తువ్వాలు చుట్టి, "అత్తయ్యా, తల కాస్త ఎత్తు" అని మెడ వెనక, పుర్రె మొదలయ్యే చోట పెట్టాడు. నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. లైటు తీసేసి తలుపు దగ్గరగా వేశాడు. పావుగంట కాగానే, నేను వద్దంటున్నా ఐస్ తీసేశాడు. నొప్పి పూర్తిగా పోలేదు కానీ పోటు దిగింది, వేసుకున్న మాత్ర కడుపులో నిలిచింది, తలంబ్రాల వేళకి లేచి కూర్చున్నాను. చల్లదనం చేసే పని అంతవరకే. రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, నొప్పి కబురు మోసే నరాలు మందగిస్తాయి. అందుకే మొదట్లోనే పెట్టాలి, ముదిరాక పెట్టి ఐస్‌ని తిట్టుకోకూడదు.

వాడు పావుగంటకే తీసెయ్యడం చాదస్తం కాదు. ఒక్కసారికి 15 నుంచి 20 నిమిషాలే పెట్టాలి, మళ్లీ పెట్టాలంటే గంటైనా ఆగాలి. చర్మం తెల్లబడినా, మొద్దుబారినా వెంటనే తీసెయ్యాలి. పెట్టుకుని నిద్రపోవద్దు. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్‌తో ఇంకా జాగ్రత్త. కరుగుతున్న ఐస్ సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, అది అంతకన్నా చాలా చల్లగా ఉంటుంది, కాబట్టి గుడ్డ రెండు మడతలు వెయ్యాలి.

కాపడం మా ఆయన అవసరం. రోజంతా ల్యాప్‌టాప్ మీదికి వంగి, సాయంత్రానికి మెడ పట్టేసి తలనొప్పి అంటారు. వేడి నీళ్ల బ్యాగులో మరుగుతున్న నీళ్లు పోయకండి. మూడింట రెండు వంతులు నింపి, మిగిలిన గాలి బయటికి పిండి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకోండి. తువ్వాలు చుట్టి ముంజేతి లోపలి వైపు ఆనించి, హాయిగా ఉంటేనే మెడకీ భుజానికీ మధ్య పావుగంట పెట్టండి. బ్యాగు మీద బరువేసి పడుకోకండి, రబ్బరు పాతదైతే చిట్లుతుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకి బొబ్బ లేచేదాకా తెలియదు, వాళ్లకి వేడైనా ఐసైనా పక్కన మనిషి ఉండి చూడాల్సిందే.

ఇక ప్రతి తలనొప్పినీ సైనస్ అనేవాళ్లతో నాకు పడదు. ముక్కు దిబ్బడేసి, చిక్కటి పచ్చ చీమిడి, జ్వరం, బుగ్గ నొక్కితే నొప్పి ఉంటే సరే, ముక్కు మీదా బుగ్గల మీదా గోరువెచ్చటి తడిగుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది. అవేవీ లేకుండా ఏళ్ల తరబడి "సైనస్" అనుకునేవాళ్లలో చాలామందిది నిజానికి మైగ్రేన్.

పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో బలహీనమవడం, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి... వీటికి ఐస్ కోసం వెతక్కుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. యాభై దాటాక కొత్తగా తలనొప్పి మొదలై, కణత ముట్టుకుంటేనే నొప్పి పుడుతూ, నమిలితే దవడ లాగుతున్నా ఆలస్యం చెయ్యొద్దు, అది చూపు తీసే రకం కావచ్చు.