పిల్లలు ఎక్కడ పడుకున్నాయో చూడు

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం రెండు వందల వనరాజా కోడిపిల్లలు దిగుతున్నాయనీ, బ్రూడింగ్, అంటే తల్లికోడి లేకుండా పిల్లలకు వేడి ఇచ్చి సాకడం గురించే టెన్షన్‌గా ఉందనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మేతా మందులూ ఎవరైనా చెబుతారు. వేడి సంగతి మాత్రం కాస్త వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే మా అనపర్తిలో చేసినట్టు మీ చింతపల్లిలో చేస్తే డిసెంబర్‌లో పిల్లలు నిలవవు. ఇక్కడ చలికాలపు రాత్రి కూడా ఒక దుప్పటి చాలు. మీకు తెల్లవారుజామున పదిలోపు డిగ్రీలకు దిగుతుంది.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకునే శక్తి మొదటి రెండు వారాలు సరిగా ఉండదు. ఒంటి మీద ఉన్నది నూగు, ఈకలు కాదు. చలి తగిలిన పిల్ల చాలాసార్లు ఆ రాత్రే చావదు, అదే చిక్కు. వణుకుతూ మేత దగ్గరికి పోదు, నీళ్లు తాగదు, కడుపులో మిగిలిన సొన కూడా సరిగా అరగదు. నాలుగో రోజు నుంచి వారం లోపు ఒక్కొక్కటీ వాలిపోతాయి. అప్పుడు అందరూ జబ్బు అనుకుని మందులషాపుకి పరిగెడతారు.

అందరూ చెప్పే లెక్క ఇది: మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్. తర్వాత వారానికి అయిదు ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. రెండో వారం 90, మూడో వారం 85, నాలుగో వారం 80. ఈ లెక్క మంచిదే. కానీ ఆ 95 ఎక్కడ ఉండాలి అన్నది చాలామంది అడగరు. గోడకు మనిషి ఎత్తున వేలాడే థర్మామీటర్‌లో కాదు. బల్బుల బుట్ట అంచు కింద, ఊక మీద రెండంగుళాల ఎత్తున, అంటే పిల్ల వీపు ఉండే చోట. పైన 95 చూపిస్తున్నా కింద ఊక చల్లగా ఉండొచ్చు, పిల్ల నిలబడేది ఆ ఊక మీదే. అందుకే పిల్లలు రావడానికి ఒక రోజు ముందే బల్బులు వేసేయి. పెట్టెలు దించే ముందు చేత్తో ఊకను తడిమి చూడు, వెచ్చగా తగలాలి.

ఇక ఏర్పాటు. మామూలు ఊళ్లలో పిల్లకు ఒకటి, రెండు వాట్ల లెక్కన సరిపోతుంది. మీకు రెండున్నర వేసుకో. అంటే పాతకాలం వంద వాట్ల బల్బులు అయిదు. ఎల్ఈడీ బల్బు వెలుగు ఇస్తుంది గానీ పిల్లకు కావలసినంత వేడి ఇవ్వదు, కరెంటు ఆదా అని దాని జోలికి పోవద్దు. బల్బులను రేకు బుట్టలో అమర్చి, నేల నుంచి అడుగున్నర ఎత్తున తాడుతో వేలాడదీయి, ఎత్తు మార్చుకునే వీలు ఉండేట్టు. వెదురు బుట్టే ఉంటే బల్బు దాన్ని తాకకుండా జానెడు ఎడం ఉంచాలి. కింద మూడంగుళాల పొడి ఊక. బూజు వాసన వచ్చే ఊక ఎంత చవగ్గా దొరికినా వద్దు, ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చుట్టూ అడుగున్నర ఎత్తు రేకుతో ఏడడుగుల వెడల్పు గుండ్రటి దడి కట్టు. గుండ్రంగానే ఎందుకంటే మూల దొరికితే పిల్లలు అందులో ఒకదానిమీద ఒకటి పడి నలిగిపోతాయి.

దడికీ బుట్ట అంచుకీ మధ్య రెండడుగులకు పైగా ఖాళీ వదులు. వేడి నిలుస్తుందని దడిని బుట్టకు దగ్గరగా బిగించేవాళ్లు ఉంటారు. అప్పుడు వేడి ఎక్కువైనా పిల్ల పారిపోవడానికి చోటుండదు. పిల్లలు ఉన్న చోటును బట్టి వేడి తెలుసుకోవాలంటే, దడి లోపల వెచ్చటి చోటూ చల్లటి చోటూ రెండూ ఉండాలి. లేకపోతే అవి ఎక్కడున్నా నీకు తెలిసేది ఏమీ లేదు.

ఇప్పుడు చూడటం. తలుపు తీసి లోపలికి వెళ్లగానే పిల్లలు అదిరి అటూ ఇటూ పరిగెడతాయి, అప్పుడు చూసింది లెక్కలోకి రాదు. కిటికీ సందులోంచి, లేదా తలుపు దగ్గరే కదలకుండా కాసేపు నిలబడి చూడు. ఒక్క పిల్లను కాదు, మందను చూడు. ఒక్క పిల్ల మాత్రమే ఓ పక్కకు చేరి కళ్లు మూసుకుంటే దానికి బాగోలేదు. మందంతా చేరితే వేడిలో తేడా ఉంది.

బల్బు కింద ఒకదాన్నొకటి తోసుకుంటూ గుట్టగా చేరి, కీచుకీచుమని ఆగకుండా అరుస్తుంటే చలి. ఈ అరుపు వేరుగా ఉంటుంది, ఒకసారి విన్నావంటే వంటింట్లో ఉన్నా పోల్చుకుంటావు. బుట్ట కింద ఖాళీ వదిలేసి దడి వెంట వరసగా చేరి, నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా వాల్చి ఉంటే వేడి ఎక్కువైంది. వేడెక్కిన పిల్ల అరవదు, మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని చూసి హాయిగా నిద్రపోతున్నాయి అనుకుంటారు, నిజానికి అది చలికంటే తొందరగా చంపుతుంది. పెంట ముడ్డికి అంటుకుపోయి గట్టిపడటం చలిలోనూ, వేడిలోనూ కనిపిస్తుంది, కాబట్టి దాన్ని బట్టి నిర్ణయం చేయకు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో నానబెట్టి తీసేయి, తీసిన తర్వాత మంద ఎక్కడుందో చూడు.

వేడి సరిగ్గా ఉంటే అక్కడక్కడ కొన్ని మేతలో, కొన్ని నీళ్ల దగ్గర, కొన్ని మెడ ముందుకు చాచి కాళ్లు పక్కకి పెట్టి పడుకుని, మొత్తం దడంతా చల్లినట్టు ఉంటాయి. చిన్నగా మాట్లాడుకుంటున్నట్టు కిచకిచలు వినిపిస్తాయి.

నాలుగో రకం ఒకటుంది. అందరూ తికమక పడేది అక్కడే. థర్మామీటర్ 95 చూపిస్తోంది, పిల్లలు మాత్రం దడికి ఒకే పక్క నెలవంకలా చేరి ఉన్నాయి. బల్బు కిందా లేవు, దడి చుట్టూ కూడా లేవు. పాడేరు దగ్గర ఒక రైతు షెడ్డులో ఇదే చూశాను. ఆయన చలి అనుకుని ఇంకో రెండు బల్బులు కలిపాడు. పగలు ఎండెక్కేసరికి పిల్లలు రొప్పుతున్నాయి, రాత్రి మళ్లీ అదే పక్కకు. మేము ఒక అగరుబత్తి వెలిగించి, పిల్లల ఎత్తున నేలకు ఆనించినట్టు పట్టుకుని దడి చుట్టూ తిరిగాం. మూడు వైపులా పొగ నిటారుగా లేచింది. పడమటి పక్క మాత్రం నేల మీదుగా పాకి పిల్లలున్న వైపుకి సాగిపోయింది. అక్కడ గోనె పరదా నేలకు నాలుగు వేళ్లు పైకి ఉంది. మనిషికి ఆ గాలి తగలనే తగలదు, మోకాలి కింద పోతుంది. పరదా అంచును ఇసుక మూటలతో నేలకు అదిమి, అదనంగా వేసిన రెండు బల్బులూ తీసేశాం. అరగంటలో పిల్లలు దడంతా పరుచుకున్నాయి. ఒకే పక్కకు చేరితే బల్బు జోలికి పోకు, ముందు గాలి ఎటునుంచి వస్తోందో వెతుకు.

అలాగని షెడ్డు మొత్తం టార్పాలిన్‌తో బిగించేయకు. కింద రెండడుగులు గాలి చొరకుండా కట్టి, పైన జానెడు తెరిచి ఉంచు. లోపలికి వెళ్లినప్పుడు కళ్లు మండితే పెంటలోంచి వచ్చే అమ్మోనియా నిలిచిపోయిందన్నమాట.

మొదటి రోజు సాయంత్రం మాత్రం చూడటంతో సరిపెట్టుకోకుండా పది, పదిహేను పిల్లల్ని చేతిలోకి తీసుకో. కాళ్లను నీ చెంపకు ఆనించు. చల్లగా తగిలితే ఊక చల్లగా ఉందని. మెడ కింద మేత సంచిని వేళ్లతో తడుము. మెత్తగా నిండుగా ఉంటే మేతా తిన్నది, నీళ్లూ తాగింది. గట్టిగా ఉంటే నీళ్లు దొరకలేదు. నీళ్ల బుడగలా ఊగుతుంటే మేత తినలేదు, ఉత్త నీళ్లే. ఖాళీగా ఉన్నవి రెండు మూడు తగిలినా ఆ పూటే వేడి సంగతి మళ్లీ చూసుకో.

ఏదైనా మార్చాలంటే కొద్దికొద్దిగా మార్చు. వేడి ఎక్కువైతే బుట్టను రెండు, మూడంగుళాలు పైకి లాగు, చలైతే అంతే దించు. అరగంట ఆగి చూశాకే ఇంకో మార్పు. పగలు రెండు బల్బులు ఆపాల్సి రావచ్చు, రాత్రి అయిదూ వేయాల్సి రావచ్చు. నిన్న వేసినన్నే ఇవాళా వేయాలని లేదు. మూడో రోజు నుంచి దడిని కాస్త కాస్త వెడల్పు చేస్తూ, పది రోజులకు తీసేయవచ్చు. టీకా వేసిన రోజు రాత్రి మాత్రం వేడి తగ్గించే పని పెట్టుకోకు.

అన్నిటికంటే ముఖ్యమైన చూపు తెల్లవారుజామున నాలుగు గంటలది. రాత్రి పదింటికి బాగానే ఉన్న మంద అప్పటికి గుట్ట పడి ఉండొచ్చు. మొదటి వారం అలారం పెట్టుకుని నువ్వో, అల్లుడుగారో లేవండి.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి. పోయిన కాసేపటికే పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోతాయి. దడిని చిన్నది చేసి, పైన సగం వరకు గోనె కప్పి, వేడి నీళ్లు పోసిన డబ్బాలకు గోనె చుట్టి లోపల పెట్టండి. పావుగంటకోసారి చేత్తో మందను మెల్లగా విడదీయండి. బొగ్గుల కుంపటి పెట్టేట్టయితే బయటే పొగంతా పోయి ఎర్రగా అయ్యాక తెచ్చి దడి బయట పెట్టాలి, పై సందు తెరిచి ఉండాలి. పొగ లేకపోయినా ఆ గాలి మనుషుల్నీ చంపుతుంది, దాని పక్కన నిద్రపోవద్దు.

నాలుగో వారానికి రెక్కలమీదా వీపుమీదా ఈకలు నిండుతాయి. అప్పుడు ముందు పగటి బల్బులు మానేసి, నాలుగైదు రోజుల తర్వాత రాత్రివి ఒక్కొక్కటీ తగ్గించు. లెక్క ప్రకారం నాలుగు వారాలు అయ్యాయి కదా అని ఒకేసారి ఆపేయకు. మీ దగ్గర మంచు పడే రోజులైతే అయిదో వారం రాత్రుళ్లు కూడా ఒకటి, రెండు బల్బులు అవసరమవుతాయి. బల్బులన్నీ ఆపిన మొదటి రాత్రి నాలుగింటికి లేచి చూసి, ఎలా పడుకున్నాయో నాకు ఫోన్ చేసి చెప్పు. ఆ వేళకు నేనూ లేచే ఉంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న