ఇంటర్న్‌షిప్ మీటింగుకి రాలేనని ఎలా రాయాలి?

ప్రశ్న: మేడమ్, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బీటెక్ ఫైనలియర్. విశాఖలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ప్రతి బుధవారం 11కి గంటసేపు టీమ్ మీటింగ్. ఈ సెమిస్టర్‌లో సరిగ్గా ఆ టైమ్‌కే ల్యాబ్ పడింది. రాలేనంటే రేపు ఉద్యోగం ఇవ్వరేమోనని టెన్షన్. ఇన్విటేషన్‌కి ఏ జవాబూ ఇవ్వకుండా వదిలేస్తున్నాను. ఏం రాయమంటారు?

జవాబు: జవాబు ఇవ్వకపోవడమే మీకు ఎక్కువ చేటు చేస్తుంది. మీరు వస్తారో రారో తెలియక మీ మేనేజరు మొదటి అయిదు నిమిషాలు ఎదురుచూస్తారు. రాలేనని ముందే చెబితే అది మీ కాలేజీ ఇబ్బందిగా కనిపిస్తుంది. చెప్పకుండా మానేస్తే మీ నిర్లక్ష్యంగా కనిపిస్తుంది.

ముందు ఆ గంటలో మీ వంతు ఏమిటో చూసుకోండి. మామూలుగా ఇంటర్న్ మాట్లాడేది మూడు నాలుగు నిమిషాలు: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, తర్వాత ఏం చేస్తాను. అంతవరకైతే రాసి పంపినా సరిపోతుంది. ఒక్క విషయం తేల్చుకోవాల్సి ఉంటే పది నిమిషాల కాల్ అడగండి. మీ పనిని చూపించే డెమో ఉన్నా, మీకు ఫీడ్‌బ్యాక్ ఇచ్చే రోజైనా మాత్రం మానకండి. ఆ వారం ల్యాబే మరో బ్యాచ్‌తో చేస్తానని అడగండి.

ఉదాహరణకి, మీకు లాగిన్ పేజీ టెస్టింగ్ అప్పగించారనుకుందాం. సోమవారమే ఇలా రాయండి:

‘సర్, ఈ బుధవారం మీటింగుకి రాలేను. 10 నుంచి 1 దాకా కాలేజీలో ల్యాబ్ ఉంది. నా అప్‌డేట్ మంగళవారం సాయంత్రం 6 లోపు పంపుతాను. ఓటీపీ గడువు ఎంత పెట్టాలన్నది మాత్రం మీతో మాట్లాడి తేల్చుకోవాలి. బుధవారం 3కి గానీ, గురువారం ఉదయం 9:30కి గానీ పది నిమిషాలు కుదురుతుందా? మీటింగులో నాకేదైనా పని అప్పగిస్తే గ్రూపులో ఒక లైన్ పెట్టండి.’

ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస. కారణం ఒక్కటే చెప్పండి, అదీ నిజమైనదే. జ్వరమని రాస్తే వచ్చే బుధవారం ఇంకేం రాస్తారు? ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు’ అనడం మర్యాదగానే ఉంటుంది కానీ, టైమ్ వెతికే పని ఆయన మీద పడి కాల్ జరగకుండా పోతుంది. అందుకే రెండు టైమ్‌లు మీరే ఇవ్వండి.

ఇక అప్‌డేట్. ‘పని బాగా సాగుతోంది’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా ఉండాలి: ‘20 టెస్టుల్లో 14 పూర్తి. రెండు ఫెయిల్ అయ్యాయి. రెండింట్లోనూ ఓటీపీ వచ్చేసరికి గడువు అయిపోతోంది. స్క్రీన్‌షాట్లు జత చేశాను. మిగిలిన ఆరు శుక్రవారానికి అవుతాయి.’ ఇది మీటింగుకి ముందే చేరాలి. అప్పుడే మీరు లేకపోయినా మీ పని గురించి అక్కడ మాట్లాడతారు. తర్వాత పంపితే ఆ వారానికి అది పనికిరాదు.

గూగుల్ క్యాలెండర్‌లో No నొక్కేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రతి వారం వచ్చే మీటింగు కాబట్టి ఈ ఒక్కసారికా, అన్నిటికా అని అడుగుతుంది. This event ఎంచుకోండి. తొందరలో All events నొక్కితే సెమిస్టర్ మొత్తానికి రానని వెళ్లిపోతుంది. ల్యాబ్ లేని వారాల్లో మీరు తప్పకుండా వెళ్లాలి. అన్ని బుధవారాల సంగతి మేనేజరుతో ఒకసారి కాల్‌లో మాట్లాడండి. మీటింగు మధ్యాహ్నానికి మారే వీలుందేమో అడగండి. అడగకుండానే కాదంటారని అనుకోకండి.

మీ వైపు పిల్లల్లో నేను తరచూ చూసేది ఇంకొకటుంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, మీటింగులో ఇంగ్లీషు. మాట తడబడుతుందన్న భయంతో రాతకి అలవాటు పడిపోతారు. ల్యాబ్ నిజంగానే అడ్డొస్తే రాసి పంపండి. భయమే అసలు కారణమైతే రాత వద్దు, పది నిమిషాల కాల్ అడగండి. ఒక్కరితో మాట్లాడటం పదిమంది ముందు మాట్లాడటం కంటే తేలిక, అలవాటూ అవుతుంది.

జూన్ మధ్యలో రజ పండుగకి మీకు సెలవుంటుంది, విశాఖ ఆఫీసుకి ఉండదు. వాళ్లకి ఆ సంగతి తెలియకపోవచ్చు. అలాంటి ఒడిశా సెలవులన్నీ ముందే ఒకే మెయిల్‌లో రాసి పంపితే ప్రతిసారీ వివరించే పని ఉండదు.

ఇంతా రాశాక కూడా ‘లేదు, రావాల్సిందే’ అంటే ఆ ఒక్కసారికి వాదించకండి. కంపెనీ మెయిల్ ప్రింట్ తీసుకుని ల్యాబ్ ఇన్‌ఛార్జిని కలిసి, వేరే బ్యాచ్‌తో ఆ ప్రయోగం చేస్తానని అడగండి. పొద్దున్నే ల్యాబ్ గుమ్మం దగ్గర కాదు, రెండు రోజుల ముందే వెళ్లండి.