ఉరుమి తిప్పడం కంటే ఆపడం కష్టం

"ఏడాదిగా కర్రసాము చేస్తున్నాను, చెయ్యి బాగానే తిరుగుతోంది. ఉరుమి అంటే వంగే కత్తే కదా, నేరుగా అదే నేర్చుకుంటే ఏమవుతుంది? కళరి వాళ్లు అన్నేళ్లు ఎందుకు ఆగమంటారు?"

ఉద్యోగం కోసం కోళికోడ్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను. అక్కడి కళరిలో, అంటే కేరళ యుద్ధవిద్య నేర్పే శాలలో చేరాక, ఐదో ఏడు గానీ మా గురువు గురుక్కళ్ నా చేతికి ఉరుమి ఇవ్వలేదు. అదీ పదును తీయనిది. అప్పటిదాకా నేనూ మీలాగే అడిగేవాణ్ణి.

కర్ర చివర ఎక్కడుందో మీ చేతికి తెలుస్తుంది. చెయ్యి ఆపితే కర్రా ఆగుతుంది. ఉరుమికి ఆ మర్యాద లేదు. మాది పిడి కాకుండా దాదాపు ఐదడుగుల పొడవు, అంగుళం వెడల్పు ఉన్న పలచటి స్టీలు పట్టీ. ఊరికే పట్టుకుని నిలబడితే తాడులా వేలాడుతుంది. తిప్పుతున్నంతసేపే దానికి బిగువు, అప్పుడే అది కత్తి. తిప్పేటప్పుడు కూడా చెయ్యి ముందు పోతుంది, మొన వెనకాల వస్తుంది. చెయ్యి తలముందుకు వచ్చేసరికి మొన ఇంకా వీపు వెనకే ఉంటుంది.

ఇప్పుడు చెయ్యి ఉన్నట్టుండి ఆపారనుకోండి. బిగువు పోతుంది కానీ మొనకున్న వేగం పోదు. అది తన దారిన ఇంకాస్త ముందుకెళ్లి, పట్టీ మడతపడి, పిడి వైపు తిరిగొస్తుంది. పిడి దగ్గర ఉన్నది మీరే కదా. చెయ్యి చాపితే మొన మీ భుజానికి సుమారు ఏడడుగుల దూరంలో ఉంటుంది. సెకనుకు ఒక చుట్టు తిప్పినా, అది 44 అడుగులు పోతుంది. అంటే గంటకు 48 కిలోమీటర్లు, వీధిలో బైకు వేగం. కళరిలో సాధన చేసే గుంట కొలత 42 అడుగులకు 21 అడుగులు. ఆ 21 అడుగుల వెడల్పులో 14 అడుగులు ఒక్క మనిషికే పోతుంది. అందుకే ఎదుటివాడు ఎప్పుడూ పొడవు వైపే నిలబడతాడు.

ఇంకో చిక్కుంది. పట్టీ చదునుగా ఉన్న వైపుకే సులువుగా వంగుతుంది, అంచు వైపు వంగదు. మణికట్టు కాస్త మెలిపడిందా, పట్టీ పక్కకు తిరిగి గాలికి రెపరెపలాడుతుంది, దారి తప్పుతుంది. ఇది కంటికంటే చెవికే ముందు తెలుస్తుంది. సరిగ్గా తిరుగుతుంటే ఒకే రకంగా సన్నగా ఊళ వేసినట్టు ఉంటుంది. రేకు ఊపినట్టు చప్పుడు వచ్చిందంటే మణికట్టు తప్పినట్టే.

నాకు దెబ్బ తగిలింది చేతికిచ్చిన మూడో వారంలో. తల మీదుగా చుట్టు బాగానే వస్తోంది. కింద మోకాళ్ల ఎత్తుకు దించేటప్పుడు ఆ రేకు చప్పుడు వచ్చింది. టెన్షన్‌లో చెయ్యి బిగించి ఆపేశాను. పట్టీ మడతపడి కుడి పిక్క చుట్టూ చుట్టేసుకుంది. పదును లేదు కాబట్టి నాలుగంగుళాల వాతతో సరిపోయింది. గురుక్కళ్ కోప్పడలేదు. "భయమేస్తే ఇంకో చుట్టు తిప్పాలి, ఆపకూడదు" అన్నారంతే.

అన్నేళ్ల శిక్షణా ఈ ఒక్క మాట ఒంటికి పట్టడానికే అనిపిస్తుంది నాకు. భయపడితే చెయ్యి ఆగిపోవడం మనిషి సహజ గుణం. మెయ్‌త్తారి అనే మొదటి దశలో ఆయుధమే ఉండదు. మోకాళ్లు వంచి నేలకు దగ్గరగా కూర్చున్న భంగిమలోంచి నడుము చెదరకుండా తిరగడం, ఎగరడం, పాదం ఎక్కడ పడుతుందో చూడకుండా వేయడం. తర్వాత కోల్‌త్తారిలో కర్రలు. అంకత్తారిలో కత్తి, డాలు, ఈటె. ఉరుమి దాదాపు చివర్న వస్తుంది. దానికి పాదాలు తమంతట తాము కదలాలి, ఎందుకంటే మీ ధ్యాసంతా వెనకున్న మొన మీదే ఉంటుంది. మొన కాళ్ల కిందుగా వస్తే ఎగరాల్సింది మీరే.

ఆపడం కూడా ఒక పాఠమే. మా దగ్గర చుట్టు వేగం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కిందికి దించుతూ, ఒళ్లంతా దానితో పాటే తిప్పుతూ, చివరికి చదును వైపు నేలకు రాసుకునేలా వదిలేవాళ్లం. ఇది వచ్చేదాకా వేగంగా తిప్పనివ్వలేదు. దానితో దెబ్బ కాచుకోవడమూ కుదరదు. ఎదుటి కత్తికి తగిలితే ఆగకుండా వంగి దాని చుట్టూ పోతుంది. అందుకే రెండో చేతిలో డాలు.

మీరు ఇప్పుడు ఇనుప పట్టీ, హ్యాక్సా బ్లేడు లాంటివి కొని తిప్పకండి. మాకు ముందు ఐదడుగుల గుడ్డ పేలిక ఇచ్చారు. దాని కొస బురదనీళ్లలో ముంచి, తెల్ల బనియను వేసుకుని, పది చుట్లు తిప్పి ఆపండి. మరక పడ్డ చోటల్లా కత్తి తగిలినట్టే. నాకు రెండు నెలల పాటు ఎడమ భుజం వెనక పడుతూనే ఉండేది.